‘వచ్చేస్తున్నాం’ అంటే ఎక్కడున్నట్టు?

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. మా అమ్మాయి, అల్లుడు స్పెయిన్ దేశంలో వాలెన్సియా అనే ఊళ్ళో ఉంటున్నారు. అక్కడికి వెళ్ళే ముందు నేను ఇంట్లో కూర్చుని పుస్తకం పెట్టుకుని కొంత స్పానిష్ నేర్చుకున్నాను. ముప్పై నాలుగేళ్ళు ఆఫీసులో ఇంగ్లీషు డ్రాఫ్టులు రాసిన చెయ్యి కదా, ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులో అనుకుని తర్వాత స్పానిష్‌లోకి మార్చేవాణ్ణి. దానివల్ల ఏం జరిగిందో ముందు మనవి చేస్తాను.

మేము వెళ్ళిన రోజున అమ్మాయి వాళ్ళు ఊళ్ళో లేరు. తాళంచెవి కింది అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ దగ్గర పెట్టారు. ఆవిడ రిటైరైన టీచరు, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. నేనూ మా ఆవిడా మాడ్రిడ్‌లో విమానం దిగి, వాలెన్సియా రైలెక్కి కూర్చున్నాం. సుమారు రెండు గంటల ప్రయాణం. ఆవిడకు ఒక మాట చెబుదామని ఫోన్లో ‘ఎస్తామోస్ యెగాందో’ అని సందేశం పంపాను. ‘వియ్ ఆర్ కమింగ్’ అని ఇంగ్లీషులో అనుకున్నాను. మన భాషలో ‘వచ్చేస్తున్నాం’ అని.

మనం ఇంట్లో చొక్కా తొడుక్కుంటూ కూడా ‘వచ్చేస్తున్నా’ అంటాం. స్పానిష్‌లో ఆ మాటకు అర్థం ‘ఇదిగో, చేరుతున్నాం, వీధి మలుపులో ఉన్నాం’ అని. పాపం ఆవిడ తాళంచెవి పట్టుకుని కిందికి దిగి, వీధిగుమ్మం మెట్టు మీద కూర్చుంది. మార్చి నెల సాయంత్రం, చలిగాలి. మేము వెళ్ళేసరికి రెండున్నర గంటలైంది. ఆవిడ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. మా ఆవిడ ఆ చేతులు పట్టుకుని రుద్దుతుంటే నాకు తల ఎత్తుకోబుద్ధి కాలేదు.

మర్నాడు ఆవిడే మమ్మల్ని కాఫీకి పిలిచి, నేను పంపాల్సిన వాక్యం కాగితం మీద రాసి చూపించింది. ‘సలీమోస్ అఓరా దె మాడ్రిడ్. యెగామోస్ ఆ లాస్ సియేతే.’ ఇప్పుడు మాడ్రిడ్ నుంచి బయల్దేరుతున్నాం, ఏడు గంటలకు చేరతాం అని దాని అర్థం. రెండు వాక్యాల్లోనూ ‘ఆందో’ లేదు. మామూలు వర్తమాన క్రియే ఉంది.

ఈ ‘ఆందో’ ఏమిటో చెబుతాను. స్పానిష్ క్రియలు ఆర్, ఏర్, ఈర్ అనే మూడు చివరలతో ఉంటాయి. ‘ఆర్’ తీసి ‘ఆందో’ చేరుస్తారు. మిగతా రెంటికీ ‘ఇయెందో’ చేరుస్తారు. అబ్లార్ అంటే మాట్లాడడం, అబ్లాందో అంటే మాట్లాడుతూ. కొమేర్ అంటే తినడం, కొమియెందో అంటే తింటూ. కొన్ని మాటల్లో మధ్య అక్షరం మారుతుంది. దొర్మీర్ అంటే నిద్రపోవడం, దాన్ని దొర్మియెందో అనకూడదు, దుర్మియెందో అనాలి. ఈ రూపాన్ని వాళ్ళు హెరూందియో అంటారు. దీనికి ముందు ‘ఉండు’ అనే అర్థమిచ్చే ఎస్తార్ క్రియ చేరిస్తే జరుగుతున్న పని అవుతుంది. ‘ఎస్తోయ్ కొమియెందో’ అంటే తింటూ ఉన్నాను.

మిత్రులారా, ‘తింటూ ఉన్నాను’ అన్న మాటను గమనించండి. మన ‘తింటున్నాను’ను విడదీస్తే వచ్చేది అదే. స్పానిష్ వాక్యంలోనూ ఆ రెండు ముక్కలే ఉన్నాయి. నాకు పనికొచ్చిన పరీక్ష ఇక్కడే దొరికింది. ఇంగ్లీషును పక్కన పెట్టి, చెప్పదలచిన మాటను తెలుగులో ‘తూ ఉన్నాను’ అని విడదీసి చూస్తాను. అర్థం చెడకపోతే హెరూందియో వాడతాను. చెడితే మానేస్తాను.

‘రేపు వస్తున్నాను’ తీసుకుందాం. విడదీస్తే ‘రేపు వస్తూ ఉన్నాను’ అవుతుంది. అలా ఎవరూ అనరు. కాబట్టి రేపటి రాకకు హెరూందియో వద్దు, ‘యేగో మన్యానా’ అని మామూలు వర్తమానం చాలు. నా సందేశం కూడా అంతే. యెగార్ అంటే చేరడం. మాడ్రిడ్ స్టేషన్లో కూర్చుని ‘వాలెన్సియా చేరుతూ ఉన్నాం’ అనగలమా?

రెండోది కూర్చోవడం, పడుకోవడం వంటి మాటలు. మా ఆవిడ సోఫాలో కూర్చుని ఉంటే ఇంగ్లీషులో ‘షి ఈజ్ సిట్టింగ్’ అంటాం. నేను దాన్నే మార్చి ‘ఎస్తా సెంతాందోసె’ అన్నాను. ఆవిడ ఇప్పుడు సోఫా మీదికి వంగి కూర్చోబోతోందన్నమాట! తెలుగులో ‘కూర్చుంటూ ఉంది’ అనం, ‘కూర్చుని ఉంది’ అంటాం. స్పానిష్‌లోనూ అంతే, ‘ఎస్తా సెంతాదా’ అనాలి. మగవాడైతే సెంతాదో. పడుకుని ఉండడం, నిలబడి ఉండడం కూడా ఇలాగే, వాటికి హెరూందియో రాదు.

మూడోది పని పేరే కర్తగానో కర్మగానో వచ్చే చోట. ఇంగ్లీషులో ‘స్మోకింగ్ ఈజ్ బ్యాడ్’, ‘ఐ లైక్ వాకింగ్’ అంటారు. అక్కడ కూడా ‘ఇంగ్’ ఉంది గనుక నా చెయ్యి ‘ఫుమాందో’, ‘కమినాందో’ అని రాసేసేది. అది తప్పు. మనం ‘పొగ తాగుతూ చెడ్డది’ అనం కదా, ‘పొగ తాగడం’ అంటాం. ఆ ‘డం’ ఉన్న చోట స్పానిష్‌లో క్రియ మూలరూపం రావాలి. అంటే ‘ఫుమార్ ఎస్ మాలో’, ‘మె గుస్తా కమినార్’ అనాలి. అక్కడి గోడల మీద బోర్డులు కూడా ‘ప్రోఇబీదో ఫుమార్’ అనే ఉంటాయి. ‘బిఫోర్ ఈటింగ్’ అన్నదానికీ ఇదే సూత్రం. తినే ముందు అనడానికి ‘ఆంతెస్ దె కొమేర్’ అంటారు. మందుసీసా మీద చదువుకోవలసిన మాట ఇది, గుర్తుంచుకోండి.

అయితే నా పరీక్ష అన్నిచోట్లా నెగ్గదు. ‘రోజూ గంటసేపు నడుస్తున్నాను’ అనేది ‘నడుస్తూ ఉన్నాను’ అని బాగానే విడిపోతుంది. కానీ స్పానిష్‌లో అలవాటుకు మామూలు వర్తమానమే సహజం, ‘కమీనో తోదోస్ లోస్ దీయాస్’ అంటారు. ‘రోజూ’ అన్న మాట వినబడితే ఆగండి. అలాగే తలుపు గంట మోగితే మనం లోపలి నుంచి ‘వస్తున్నా’ అని కేకేస్తాం. వాళ్ళు ‘బోయ్’ అంటారు. అంటే ‘వెళ్తున్నా’ అని! మాట్లాడేవాడు తానున్న చోటు వదిలి కదులుతున్నాడు గనుక వాళ్ళకది రావడం కాదు, వెళ్ళడం. మా మనవడు ఆ కేక వేసిన మొదటిరోజు నేను కంగారుపడి వాణ్ణి ఎక్కడికిరా అని అడిగాను.

ఇప్పుడు ఆ పెద్దావిడకు నెలకోసారి సందేశం పంపుతుంటాను. ఈమధ్య ఆవిడ ‘ఇంకా స్పానిష్ చదువుతున్నారా?’ అని అడిగింది. ‘సీగో అప్రెందియెందో’ అని రాశాను. నేర్చుకుంటూనే ఉన్నాను అని దాని అర్థం. ఇక్కడ మాత్రం హెరూందియో సరిగ్గా కుదిరింది. ఆవిడ జవాబులో తప్పు దిద్దలేదు. ఈసారి వచ్చేటప్పుడు బయల్దేరిన టైము కాదు, చేరే టైము రాయమని మాత్రం గుర్తు చేసింది.