పండుగనాడు పంచాంగము చూచుట ఎట్లు?
(మన సంఘపు వారపు సమావేశమున ఒక వర్తక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. మెట్రిక్ వరకు చదివి, చిక్కపేటలో అంగడి నడుపుకొనుచున్నవాడను. జమాఖర్చుల పుస్తకము చదువుట నాకు వచ్చును. పంచాంగము చదువుట నలుబది యేండ్లు దాటిన తరువాత, అదియు ఒక పొరపాటు చేసి సిగ్గుపడిన పిదపనే నేర్చుకొంటిని. ఆ పొరపాటునే ఈ దినము తమ ముందుంచెదను.

2023వ సంవత్సరము, శోభకృత్ నామ సంవత్సరము, భాద్రపద శుద్ధ చవితి. ఆ వినాయక చవితి సోమవారము సెప్టెంబరు 18నా, మంగళవారము 19నా అని బెంగళూరంతయు తర్జనభర్జన పడినది తమకు జ్ఞాపకముండును. మా మేడ మెట్లకు ఇటువైపు మేము, అటువైపు మరియొక తెలుగు కుటుంబము. వారు సోమవారమే పూజ చేసిరి. మా యింట మంగళవారము నిశ్చయమైనది. మా పంచాంగములో మంగళవారపు వరుసయందు “చవితి ప. 1.43” అని యున్నది. దానిని చూచి, చవితి పగలు 1.43కు ప్రారంభమగునని నేను తలచితిని. “రెండు గంటలకు పూజ” అని ఇంటిలో చెప్పి అంగడికి పోతిని. డెబ్బది దాటిన మా అమ్మగారు పూజ ముగియువరకు మంచినీరైనను ముట్టరు.

పన్నెండున్నరకు మా పురోహితులవారు వేరొక యింటికి పోవుచు మా గడప తొక్కిరి. “ఏమయ్యా, ఇంకను పత్రి కూడ విప్పలేదేమి? ఒంటిగంటా నలుబది మూడు నిమిషములకు చవితి వెళ్లిపోవుచున్నది కదా!” అనిరి. నాకు ఫోను వచ్చినది. నేను పరుగున ఇల్లు చేరి సంకల్పము చెప్పుకొనునప్పటికి ఒంటిగంట దాటినది. అమ్మగారు నన్నొక్క మాటయు అనలేదు. “నాన్నగారున్నప్పుడు ఇట్లు జరుగలేదు” అని మాత్రము అనిరి. అది చాలును.

కనుక మొదటి సంగతి యిది. పంచాంగములో తిథి పక్కన, నక్షత్రము పక్కన అచ్చు వేసిన కాలము ఆ తిథి, ఆ నక్షత్రము ముగియు కాలము. ప్రారంభమగు కాలము కాదు. ప్రారంభము కావలెనన్న పై వరుసకు పోవలెను. ముందటి తిథి ఎప్పుడు ముగిసినదో అప్పుడే ఈ తిథి మొదలు. సోమవారపు వరుసలో “తదియ ప. 12.39” అని యున్నది. అనగా సోమవారము పగలు 12.39కి తదియ ముగిసి చవితి వచ్చినది. మంగళవారము పగలు 1.43కు పోయినది. నక్షత్రమునకును ఇదే రీతి. సోమవారము చిత్త మధ్యాహ్నము పన్నెండు దాటిన కొన్ని నిమిషములకు పోయి స్వాతి వచ్చినది. మంగళవారము చవితి పోయిన కొలది నిమిషములకే స్వాతియు పోయి విశాఖ వచ్చినది. కావున మంగళవారము రెండు గంటలకు సంకల్పము చెప్పుకొనియుండిన యెడల, చవితి యనియు స్వాతి యనియు నోట పలికినను, ఆకాశమున నడచుచున్నవి పంచమి, విశాఖలు.

ఆ చిన్న అక్షరములను కూడ తెలిసికొనవలెను. “ఉ” ఉదయము, “ప” పగలు, “సా” సాయంత్రము, “రా” రాత్రి, “తె” తెల్లవారుజాము. “శు” శుద్ధము, “బ” బహుళము. కాలము తరువాత వచ్చు “ల” అనగా లగాయతు, “వ” అనగా వరకు. లెక్కల పుస్తకములో మనము వ్రాసికొను గుర్తుల వంటివే యివి.

రెండవ సంగతి ఊరి భేదము. గంటలు నిమిషములలో ముద్రించిన తిథ్యంతము భారతదేశమంతటికి ఒక్కటియే. చవితి 1.43కు పోయిన, రాజమహేంద్రవరములోను అప్పుడే, బెంగళూరులోను అప్పుడే. కాని పాత పంచాంగములు ఘడియలు, విఘడియలలో వ్రాయబడినవి. ఘడియకు 24 నిమిషములు, విఘడియకు 24 సెకండ్లు. వానిని సూర్యోదయము నుండి లెక్కింపవలెను. ఏ ఊరి సూర్యోదయము? ఆ పంచాంగము ఏ ఊరికి గణింపబడినదో ఆ ఊరిది. ఆ మంగళవారము బెంగళూరులో సూర్యుడుదయించినది సుమారు 6.08కి, రాజమహేంద్రవరములో అంతకు 17 నిమిషములు ముందుగా, సుమారు 5.51కి. రాజమహేంద్రవరపు లెక్కతో చవితి 19 ఘడియల 40 విఘడియలు. అనగా 7 గంటల 52 నిమిషములు. దీనిని 5.51కి కలిపిన 1.43 వచ్చును. దానినే మన 6.08కి కలిపినచో 2.00 వచ్చును. పదునేడు నిమిషముల తప్పు! మన తాతలు గోదావరి మండలములనుండి తెప్పించుకొన్న పంచాంగములను ఇక్కడ చదువునప్పుడు ఈ సవరణ చేయక తప్పదు. ఫోనులో చూచువారు ఊరి పేరు బెంగళూరని యున్నదో లేదో ముందు చూచుకొనవలెను.

మూడవది పండుగ నియమము. సూర్యోదయమునకున్న తిథియే ఆనాటి తిథి యని మనము అలవాటుగా అనుకొందుము. నిత్యవ్యవహారమునకు అది సరియే. కాని ప్రతి పండుగకును ఒక కాలము గలదు. దీపావళి లక్ష్మీపూజకు ప్రదోషము, శివరాత్రికి అర్ధరాత్రి, వినాయక చవితికి మధ్యాహ్నము. ఆ కాలమున తిథి యున్నదా లేదా యని చూడవలెను. ఇచ్చట మధ్యాహ్నమనగా పన్నెండు గంటలు కాదు. సూర్యోదయము నుండి అస్తమయము వరకు గల పగటిని ఐదు భాగములు చేసిన, అందు మూడవ భాగము మధ్యాహ్నము.

లెక్క వేసి చూతము. ఆనాడు బెంగళూరులో ఉదయము 6.08, అస్తమయము సుమారు 6.18. పగలు 12 గంటల 10 నిమిషములు. ఐదవ భాగము 2 గంటల 26 నిమిషములు. రెండు భాగములు గడచిన 11.00, మూడవ భాగము ముగిసిన 1.26. కనుక 11.00 మొదలు 1.26 వరకు మధ్యాహ్నకాలము. మా పంచాంగము ప్రకారము సోమవారము ఈ కాలములో చవితి 12.39 తరువాత మాత్రమే యున్నది. మంగళవారమో, 11.00 నుండి 1.26 వరకు నిండుగా నున్నది. అందుచేతనే మా పురోహితులు మంగళవారమనిరి.

మరి పొరుగువారు తప్పు చేసిరా? లేదు. ఇది నాలుగవ సంగతి, అన్నిటికంటె ముఖ్యమైనది. వారి పంచాంగము పూర్వపద్ధతిది, మాది దృగ్గణితము. పూర్వపద్ధతివారు సూర్యసిద్ధాంతాది ప్రాచీన గ్రంథముల గుణకములతో చంద్రుని గతిని గణింతురు. దృగ్గణితమువారు నేటి ఖగోళశాస్త్రముచే ఆకాశమున కనబడు స్థానమును గైకొందురు. పూర్ణిమ, అమావాస్యల చెంత ఈ రెంటికి భేదము స్వల్పము. నడిమి తిథులలో అది కొన్ని గంటల వరకు పెరుగును. ఆ యేడు పూర్వపద్ధతి పంచాంగములలో చవితి సోమవారము ఉదయము సుమారు పది గంటలకే వచ్చి, మంగళవారము పదిన్నర ప్రాంతముననే పోయినది. అనగా వారి లెక్కకు సోమవారము మధ్యాహ్నకాలమంతయు చవితియే. మంగళవారము పదకొండు గంటలకు చవితి లేనే లేదు. వారికి సోమవారము ఎంత నిశ్చయమో మాకు మంగళవారము అంత నిశ్చయము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వములు సెలవు ఇచ్చినది సోమవారమే.

ఈ భేదమును తొలగింపవలెననియే భారత ప్రభుత్వము 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. దాని ఫలితముగా 1957 నుండి దృగ్గణితముతో రాష్ట్రీయ పంచాంగము వెలువడుచున్నది. అయినను ఇండ్లలో ఆచారము ఆచారముగనే నిలిచినది. చెడునది ఎక్కడనగా, ఒక పంచాంగమునుండి దినమును, మరియొకదానినుండి గడియను తీసికొన్నప్పుడు. పూర్వపద్ధతి తిథిని నమ్మి, “ప్రభుత్వము సెలవు మారిన మంగళవారము చేసికొందము” అనుకొన్నవారికి రెండును దక్కవు. ఇంటికి ఒక్క పంచాంగము. పురోహితులు ఏది చూతురో అదియే.

ఇక మంచి గడియ. తిథి, కాలము నిశ్చయమైన తరువాతనే దీనిని చూడవలెను, ముందుగా కాదు. పగటిని పదునైదు ముహూర్తములుగా విభజింతురు. ఒక్కొక్కటి సుమారు 48 నిమిషములు. సోమవారము తొమ్మిదవ ముహూర్తము దుర్ముహూర్తము. పగలు సరిగా ఆరు నుండి ఆరు వరకని గొని పంచాంగములు దీనిని 12.24 ల 1.12 వ. అని వేయును, బెంగళూరు సూర్యోదయముతో చూచిన 12.37 నుండి 1.26 వరకు. అది విడిచిన పొరుగువారికి 11.00 నుండి 12.37 వరకు మంచి గడియ దొరకినది. వారు పదకొండున్నరకే కూర్చుండిరి. మంగళవారము దుర్ముహూర్తము నాలుగవది, ఇక్కడ 8.34 మొదలు 9.22 వరకు; రాహుకాలము మూడు గంటల తరువాత. స్వాతి వర్జ్యము సోమవారము సాయంత్రమే గడచినది. కావున మాకు 11.00 నుండి 1.26 వరకు ఏ అడ్డును లేదు. రెండు గంటల ఇరువదియారు నిమిషములు చేతిలో నుండగా నేను చివరి ఇరువది నిమిషములకు పరుగెత్తితిని!

ఒక్క మాట మిగిలినది. మంగళవారము పండుగ చేసికొన్న మేము, ఆ రాత్రి చంద్రుని చూడరాదని కిటికీలు మూసికొంటిమి. పురోహితులు నవ్వి, “ఈ రాత్రి పంచమి చంద్రుడయ్యా, చవితి చంద్రుడు నిన్న సాయంత్రమే పోయినాడు” అనిరి. సోమవారము సాయంత్రము నేను అంగడి మూసి, నెలవంకను చూచుకొనుచునే ఇల్లు చేరియుంటిని. కథాక్షతలు తల మీద వేసికొంటిమి గనుక దోషము లేదని అమ్మగారు సమాధానము చెప్పిరి.

ఇప్పుడు ప్రతి పండుగకు వారము ముందు, రాత్రి జమాఖర్చు ముగించిన పిదప, ఒక చీటీ మీద నాలుగు పంక్తులు వ్రాసి పూజగది తలుపునకు అంటించుచున్నాను: తిథి వచ్చు వేళ, పోవు వేళ, పండుగ కాలము, విడువవలసిన గడియలు, కూర్చుండవలసిన గంట. మా అమ్మగారు కండ్లద్దములు పెట్టుకొని దానిని చదివి, పంచాంగముతో సరిచూచి, అప్పుడు గాని ఉపవాసము మొదలు పెట్టరు. వచ్చే వారము తమ తమ యిండ్ల పంచాంగములను తెచ్చిన యెడల, రానున్న పండుగకు ఆ చీటీని అందరము కూర్చుండి వ్రాసికొందము.