బిల్లు వచ్చింది కదా అని డబ్బు కట్టేస్తే? త్రీ-వే మ్యాచింగ్ అసలు ఎలా పని చేస్తుంది

కంపెనీల్లో సప్లయర్‌కి డబ్బు వెళ్ళే ముందు ఒక చెక్ ఉంటుంది. దాన్నే త్రీ-వే మ్యాచింగ్ అంటారు. అకౌంట్స్‌లో కొత్తగా చేరినవాళ్ళకీ, ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ మీద పని చేసేవాళ్ళకీ మొదటి నెలలోనే ఇది తగులుతుంది. ఈరోజు ఒక్క బిల్లు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

మూడు కాగితాలుంటాయి. మొదటిది పర్చేజ్ ఆర్డర్, అంటే పీవో. మనం ఏం కావాలన్నాం, ఎన్ని, ఏ రేటుకి అనేది ఇందులో ఉంటుంది. రెండోది జీఆర్‌ఎన్, అంటే సరుకు దిగాక స్టోర్స్ వాళ్ళు రాసే రసీదు. నిజంగా లోపలికి ఎంత వచ్చిందో ఇది చెప్తుంది. మూడోది ఇన్వాయిస్, సప్లయర్ ఎంత అడుగుతున్నాడో చెప్పే బిల్లు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ఈ మూడూ ముగ్గురు వేరే వేరే మనుషులు రాస్తారు. పీవో పర్చేజ్ వాళ్ళది, జీఆర్‌ఎన్ స్టోర్స్ వాళ్ళది, ఇన్వాయిస్ బయటివాళ్ళది. ఈ చెక్‌కి ఉన్న బలమంతా అక్కడే ఉంది.

ఇప్పుడు ఉదాహరణ. గుంటూరు దగ్గర కారప్పొడి ప్యాక్ చేసే ఒక చిన్న కంపెనీ ఉందనుకోండి. అట్టపెట్టెలు 1000 కావాలని పీవో ఇచ్చారు, ఒక్కోటి ₹40. లెక్క తేలిగ్గా ఉండటానికి జీఎస్టీ పక్కన పెడదాం. లారీ వచ్చింది, చలానాలో 1000 అని ఉంది. స్టోర్స్‌లో దింపి చూస్తే 40 పెట్టెలు తడిసిపోయి ఉన్నాయి. స్టోర్ కీపర్ జీఆర్‌ఎన్‌లో 960 తీసుకున్నాం, 40 రిజెక్ట్ అని రాసి, ఆ 40 అదే లారీలో వెనక్కి పంపాడు. రెండు రోజుల తర్వాత ఇన్వాయిస్ వచ్చింది: 1000 పెట్టెలు, ఒక్కోటి ₹42, మొత్తం ₹42,000.

మనం కట్టాల్సింది ఎంత? 960 ఇంటూ 40, అంటే ₹38,400. తేడా ₹3,600. కానీ "₹3,600 తేడా ఉంది" అని సప్లయర్‌కి ఫోన్ చేస్తే పని జరగదు. ఎందుకంటే ఇందులో రెండు వేరే వేరే తేడాలు కలిసిపోయి ఉన్నాయి. ముందు వాటిని విడదీయాలి. వెనక్కి పంపిన 40 పెట్టెలకి బిల్లులో వేసిన రేటు ₹42 చొప్పున ₹1,680. ఉంచుకున్న 960 పెట్టెలకి ఎక్కువ వేసిన ₹2 చొప్పున ₹1,920. రెండూ కలిపితే సరిగ్గా ₹3,600.

ఇలా ఎందుకు విడదీశామంటే, ఒక్కో తేడాకి జవాబు చెప్పాల్సిన మనిషి వేరు. సంఖ్యలో తేడా వస్తే స్టోర్స్‌ని అడగాలి. రేటులో తేడా వస్తే పర్చేజ్‌ని అడగాలి. అకౌంట్స్‌లో కూర్చున్నవాళ్ళు సొంతంగా తేల్చేయకూడదు.

మన కేసులో సప్లయర్ ఏమన్నాడంటే, "పేపర్ రేటు పెరిగిందండీ, ₹42 అవుతుందని ఫోన్‌లో మీ పర్చేజ్ సార్‌కి చెప్పాను కదా." పర్చేజ్ ఆయన్ని అడిగితే, "చెప్పిన మాట నిజమే, కానీ అది వచ్చే ఆర్డర్ నుంచి అని ఒప్పుకున్నాం" అన్నాడు. పీవోలో ₹40 అనే ఉంది, మార్చినట్టు ఎక్కడా కాగితం లేదు. కాబట్టి ₹40 చెల్లుతుంది. సప్లయర్ ₹3,600కి క్రెడిట్ నోట్ ఇవ్వాలి. అది బుక్ అయ్యాక మిగిలిన ₹38,400 రిలీజ్ చేస్తారు. ఒకవేళ ఈ ఆర్డర్‌కే ₹42 అని నిజంగా ఒప్పుకుని ఉంటే, అధికారం ఉన్నవాళ్ళ అప్రూవల్‌తో పీవో సవరించి, ఆ తర్వాతే బిల్లు పాస్ చేయాలి.

ఇక్కడే అసలు ప్రమాదం. నెలాఖరు, సప్లయర్ ఫోన్ల మీద ఫోన్లు, స్క్రీన్ మీద ఎర్ర గుర్తు. అప్పుడు ఎవరో ఒకరు, "ఆ జీఆర్‌ఎన్‌లో 1000 అని వేసేయండి, మ్యాచ్ అయిపోతుంది" అంటారు. అవును, మ్యాచ్ అయిపోతుంది. కానీ స్టాక్‌లో లేని 40 పెట్టెలు ఉన్నట్టు చూపిస్తుంది, లేని సరుకుకి డబ్బు వెళ్ళిపోతుంది. ఇన్వాయిస్ చూసి జీఆర్‌ఎన్ రాస్తే అది చెక్ కాదు, జిరాక్స్. అందుకే కొన్నిచోట్ల స్టోర్ కీపర్‌కి పీవోలోని సంఖ్య చూపించరు. ఆయన నిజంగా లెక్కపెట్టి రాయాల్సిందే.

సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? శాప్‌లో అయితే `MIGO`లో సరుకు రసీదు, `MIRO`లో ఇన్వాయిస్ ఎక్కిస్తారు. తేడా కంపెనీ పెట్టుకున్న హద్దు దాటితే ఇన్వాయిస్ పుస్తకాల్లోకి ఎక్కుతుంది కానీ, దాని మీద `R` అనే పేమెంట్ బ్లాక్ పడుతుంది. బ్లాక్ ఉన్నంతవరకు పేమెంట్ రన్ దాన్ని ముట్టుకోదు. తేడా తేలాక `MRBR`లో రిలీజ్ చేస్తారు. సంఖ్య చెక్ వెనక ఉండే ఆలోచన మాత్రం చాలా సింపుల్:

```
ok = billed_qty <= received_qty - already_billed_qty
```

చివర్లో ఉన్న ఆ తీసివేత ముఖ్యం. అదే బిల్లు నంబర్‌లో ఒక గీత మార్చి రెండోసారి వచ్చినా, 960కి ఇదివరకే బిల్లు అయిపోయింది కాబట్టి మిగిలింది సున్నా. అక్కడే ఆగిపోతుంది.

సరే, తేడా ఉంది కదా అని బిల్లుని నెలల తరబడి పక్కన పడేయొచ్చా? కుదరదు. సప్లయర్ మైక్రో లేదా స్మాల్ ఎంటర్‌ప్రైజ్‌గా రిజిస్టర్ అయి ఉంటే, 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. సరుకు మీద అభ్యంతరం ఉంటే, అది అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే సరుకు వచ్చిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. అంటే ఆ 40 తడి పెట్టెల గురించి ఫోన్‌లో మాట్లాడి వదిలేస్తే చాలదు, వెంటనే మెయిల్ వెళ్ళాలి.

ఇంకొక్క మాట, ఈ చెక్ పట్టుకోలేనిది కూడా ఉంది. 2013 నుంచి 2015 మధ్య లిథువేనియాకి చెందిన ఎవాల్దాస్ రిమసౌస్కస్ అనే అతను, ఒక తైవాన్ కంపెనీ పేరుతో దొంగ మెయిళ్ళు పంపి గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 10 కోట్ల డాలర్లకి పైగా తన ఖాతాల్లో వేయించుకున్నాడు. 2019లో అమెరికాలో అతనికి ఐదేళ్ళ జైలు శిక్ష పడింది. నిజమైన సరుకుకి ఇవ్వాల్సిన డబ్బే తప్పు ఖాతాకి వెళ్ళింది. త్రీ-వే మ్యాచింగ్ ఎంత కట్టాలో చెప్తుంది, ఏ ఖాతాకో చెప్పదు. బ్యాంక్ ఖాతా మారింది అని మెయిల్ వస్తే, ఆ మెయిల్‌లో ఉన్న నంబర్‌కి కాదు, మన దగ్గర పాత రికార్డులో ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఇక మన పెట్టెల కథ ముగిద్దాం. వారం తర్వాత సప్లయర్ 40 కొత్త పెట్టెలు పంపాడు. పాత జీఆర్‌ఎన్ దిద్దకూడదు. అదే పీవో మీద 40కి కొత్త జీఆర్‌ఎన్, ₹1,600కి కొత్త ఇన్వాయిస్. ఇప్పుడు పీవోలో 1000, వచ్చినవి 1000, కట్టింది ₹40,000. పీవో క్లోజ్.