పెరిగిన ఆరు వేలు ఎక్కడ చేరాయి?
వరాహగిరి వెంకటగిరి స్మారకోపన్యాసం



గిరిగారిని చాలామంది రాష్ట్రపతిగా గుర్తుంచుకుంటారు. కార్మికోద్యమంలో ఉన్నవాళ్లకు ఆయన రైల్వే కార్మికుల నాయకుడు. బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేసిన మనిషి. వేతనాలను ట్రిబ్యునళ్లు తేల్చడం కన్నా యాజమాన్యం, యూనియన్ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవడమే మంచిదని ఆయన చివరిదాకా వాదించారు. ఆ వాదన నాకూ నచ్చుతుంది. అయితే దానికొక షరతుంది. బల్ల మీద పెట్టిన కాగితంలో ఏముందో సంతకం పెట్టేవాడికీ, వాడిని పంపిన కార్మికుడికీ తెలియాలి. ఈరోజు ఆ కాగితం గురించే మాట్లాడతాను.

బేరం ఎలా నడుస్తుందో ముందు చెప్పుకుందాం. పాత ఒప్పందం గడువు ముగిసేలోగా యూనియన్ జనరల్ బాడీ పెట్టి డిమాండ్ల పత్రం తయారు చేస్తుంది. ఇదే పరిశ్రమలో, ఇదే ప్రాంతంలో పక్క ఫ్యాక్టరీలు ఎంత ఇస్తున్నాయి, కంపెనీకి చెల్లించే శక్తి ఎంతుంది అన్న రెండు ప్రశ్నల చుట్టూ చర్చ తిరుగుతుంది. యాజమాన్యం తన వైపు నుంచి ఎదురు డిమాండ్లు పెడుతుంది. ఉత్పత్తి పెరగాలి, గైర్హాజరు తగ్గాలి, మనుషులను ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి మార్చే వీలుండాలి. నెలల తరబడి సాగదీశాక ఒక అంకె మీద రాజీ కుదురుతుంది. ఆ సాయంత్రం గేటు మీటింగులో నాయకుడు మైకు పట్టుకుని ‘మూడేళ్లకు ఆరు వేలు సాధించాం’ అంటాడు. చప్పట్లు మోగుతాయి.

ఆ ఆరు వేలనే ఇప్పుడు విప్పి చూద్దాం. ఉదాహరణకు ఒక కార్మికుడి జీతం నెలకు 20,000 అనుకుందాం. బేసిక్, డీఏ కలిపి 15,000. ఇంటి అద్దె, ప్రయాణ భత్యం కలిపి 5,000.

మొదటి ప్రశ్న, ఆరు వేలు ఎప్పుడు చేతికొస్తాయి? మొదటి ఏడు 3,000, రెండో ఏడు 1,500, మూడో ఏడు 1,500 అని రాసుకుంటే మూడేళ్లలో మొత్తం 1,62,000 వస్తుంది. ఏటా రెండేసి వేలుగా విడగొడితే 1,44,000 మాత్రమే. రెండింటికీ పేరు ‘ఆరు వేల ఒప్పందమే’, కానీ తేడా 18,000. పూర్తి ఆరు వేలు మొదటి నెల నుంచే ఇచ్చి ఉంటే 2,16,000 అయ్యేది. ముందు సంవత్సరాల్లో ఎక్కువ వేయించుకోవడానికి యూనియన్లు పట్టుబట్టేది ఇందుకే.

రెండో ప్రశ్న, ఆరు వేలు జీతమా, సీటీసీయా? సీటీసీ అంటే కంపెనీకి మీ మీద అయ్యే మొత్తం ఖర్చు. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 12 శాతం, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టే 4.81 శాతం అందులోనే కలిసిపోతాయి. పెంపు అంతా బేసిక్‌లో పడి, పూర్తి బేసిక్ మీద పీఎఫ్ కడుతున్న చోట, ఆరు వేల సీటీసీలో అసలు జీతం పెరిగేది సుమారు 5,136. అందులోంచి మీ వాటా పీఎఫ్ 616 పోతే చేతికొచ్చేది 4,520. పీఎఫ్ డబ్బు మీదే, అది నష్టం కాదు. కానీ జీతం స్లిప్పు చూసిన రోజు ఆరు వేలేవని కార్మికుడు అడుగుతాడు. ఆ ప్రశ్నకు సంతకం ముందే జవాబు ఉండాలి.

మూడో ప్రశ్న నా దృష్టిలో అన్నిటికంటే బరువైనది. ఆ డబ్బు ఏ పద్దులో చేరింది? గ్రాట్యుటీ లెక్క చివరి బేసిక్, డీఏల మీద ఉంటుంది. సర్వీసులో ఒక్కో ఏడాదికి నెల జీతంలో ఇరవై ఆరో వంతు చొప్పున పదిహేను రోజులకు కడతారు. ఇరవై అయిదేళ్ల సర్వీసున్నవాడికి ఆరు వేలూ బేసిక్‌లో పడితే గ్రాట్యుటీ 86,538 పెరుగుతుంది. అదే ఆరు వేలు ఇంటి అద్దె, ప్రయాణ భత్యాలలో పడితే పైసా పెరగదు. కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి కదా, భత్యాలు మొత్తంలో సగం దాటితే ఆ పైది వేతనంలోనే కలుస్తుంది కదా అని కొందరు ధైర్యం చెబుతున్నారు. మన ఉదాహరణలో చూడండి. పెంపు తర్వాత మొత్తం 26,000. అందులో బేసిక్, డీఏ 15,000, అంటే సగం కన్నా ఎక్కువే. కాబట్టి సగం నిబంధన ఇక్కడ అక్కరకు రాదు. చట్టం అడ్డు పడని చోట బేరమే దిక్కు.

ఇక డీఏ. ధరలు పెరిగినప్పుడల్లా లేబర్ బ్యూరో ఇచ్చే వినియోగదారుల ధరల సూచీని బట్టి పాయింటుకు ఇంత అని చాలా ఒప్పందాలు రాసుకుంటాయి. స్థిర డీఏ అని రాసుకున్న చోట మూడేళ్లూ ఆ అంకె కదలదు. ధరలు మాత్రం కదులుతూనే ఉంటాయి. అందుకే సూచీతో ముడిపెట్టిన డీఏను వదులుకోకూడదు. అందులోనూ ఒక చిన్న వాక్యం కోసం వెతకాలి. ఈ సూచీకి ఆధార సంవత్సరం 2020లో 2001 నుంచి 2016కు మారింది. కొత్త సూచీలో ఒక పాయింటు పాత సూచీలో 2.88 పాయింట్లకు సమానం. పాత ఒప్పందంలో పాయింటుకు 3 రూపాయలు ఉందనుకోండి. కొత్త సూచీ 5 పాయింట్లు పెరిగితే అది పాత లెక్కలో 14.4 పాయింట్లు, 43 రూపాయల 20 పైసలు రావాలి. మార్పిడి సంగతి రాయకుండా పాయింటుకు 3 రూపాయలు అని అలాగే ఉంచితే 15 రూపాయలే వస్తాయి. ఏ సూచీ, ఏ ఆధార సంవత్సరం, ఆధారం మళ్లీ మారితే లింకింగ్ ఫ్యాక్టర్ ఎలా వాడాలి అన్న మూడూ ఒప్పందంలోనే ఉండాలి.

ఇచ్చిన దాన్ని వెనక్కి లాగే క్లాజులు సాధారణంగా చివరి పేజీల్లో ఉంటాయి. ‘ఒప్పంద కాలంలో ప్రభుత్వం కనీస వేతనాలు పెంచితే ఆ పెంపును ఈ పెంపులో సర్దుబాటు చేయవచ్చు’ అన్న వాక్యం ఒకటి. కనీస వేతనానికి దగ్గరలో ఉన్న ఫ్యాక్టరీలో ఈ ఒక్క వాక్యం ఆరు వేలలో పెద్ద ముక్కను మింగేస్తుంది. రెండోది పనిభారం. ఒక ఫ్యాక్టరీ ఒప్పందంతో పాటు వచ్చిన అనుబంధం నేను చూశాను. విభాగాల వారీగా పట్టిక, పక్క నిలువు వరుసలో మనిషికి ఎన్ని మెషీన్లు అన్న అంకె. మునుపు ఒకటి ఉన్న చోట రెండు అని ఉంది. జీతం పేజీలను అందరూ చదివారు, ఆ పట్టికను కమిటీలో ఇద్దరే చదివారు. దాని ప్రభావం తెలుసుకోవాలి. మామూలుగా సర్వీసు షరతులు మార్చాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసివ్వాలి. ఆ మార్పు ఒప్పందం ప్రకారమే జరుగుతుంటే ఆ నోటీసు అక్కర్లేదు. అంటే అడ్డు చెప్పడానికి ఉన్న తలుపును మన సంతకమే మూసేస్తుంది.

తర్వాత కోర్టుకెళ్లి ఆ ఒక్క క్లాజు కొట్టేయించుకోవచ్చు కదా అంటారు. అది కష్టం. 1976లో హెర్బర్ట్‌సన్స్ కేసులో సుప్రీంకోర్టు ఒప్పందాన్ని ముక్కలుగా విడదీసి ఇది మంచిది, అది చెడ్డది అని తూచకూడదనీ, ఇచ్చిపుచ్చుకున్న దాన్ని మొత్తంగా చూడాలనీ చెప్పింది. డబ్బు తీసుకుని పనిభారం వద్దనడానికి వీల్లేదన్నమాట. కాబట్టి చదవాల్సింది సంతకానికి ముందే.

ఎవరు సంతకం చేశారు, ఎక్కడ చేశారు అన్నది కూడా చూడాలి. మనవాళ్లు ‘పన్నెండు-మూడు’ అని పిలిచే ఒప్పందం కన్సిలియేషన్ అధికారి సమక్షంలో జరిగేది. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 12(3) సెక్షన్ కింద కుదిరిన ఒప్పందం 18(3) ప్రకారం ఆ ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి కార్మికుడికీ, రేపు చేరబోయేవాడికీ వర్తిస్తుంది. వాడు ఏ యూనియన్ సభ్యుడైనా, అసలు సభ్యుడు కాకపోయినా సరే. అధికారి లేకుండా నేరుగా చేసుకున్నది, 18(1) ఒప్పందం, సంతకం చేసిన పక్షాలకే వర్తిస్తుంది. కొత్త కోడ్‌లో సెక్షన్ల సంఖ్యలు మారాయి, ఈ తేడా మాత్రం పోలేదు. ఒకటి కంటే ఎక్కువ యూనియన్లున్న చోట బల్ల దగ్గర కూర్చునే హక్కు కోడ్ ప్రకారం 51 శాతం మద్దతు ఉన్న యూనియన్‌ది. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి తగ్గకుండా మద్దతు ఉన్న యూనియన్ల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడుతుంది. సభ్యత్వం లేనివాడిని కూడా కట్టిపడేసే కాగితం కాబట్టి ముసాయిదాను తెలుగులో నోటీసు బోర్డులో పెట్టి, జనరల్ బాడీలో చదివి, ఓటు తీసుకున్నాకే సంతకం పెట్టాలని నేను గట్టిగా అంటాను. చట్టం అంత దూరం అడగదు. యూనియన్ బైలాలో రాసుకుంటే అడ్డేమీ లేదు.

బకాయిల గురించి సింగరేణి కార్మికులకు వేరే చెప్పక్కర్లేదు. పదకొండో జాతీయ బొగ్గు వేతన ఒప్పందం 2023 మే 20న కుదిరింది, అమలు తేదీ మాత్రం 2021 జూలై 1. దాదాపు ఇరవై మూడు నెలల బకాయిలు. ఇలా జరిగే ప్రతిచోటా మధ్యలో రిటైరైనవాళ్లు, చనిపోయినవాళ్ల కుటుంబాలు, రాజీనామా చేసినవాళ్లు ఉంటారు. ‘సంతకం తేదీ నాటికి రోల్స్‌లో ఉన్నవారికే’ అని ఒప్పందంలో ఉంటే వాళ్లకు బకాయిలూ ఉండవు, కొత్త బేసిక్ మీద గ్రాట్యుటీ తేడా కూడా ఉండదు. బల్ల దగ్గర వాళ్ల తరఫున కూర్చునేవాడెవడూ ఉండడు గనుక ఆ మాటను మనమే పట్టుకోవాలి. కాంట్రాక్టు కార్మికులదీ అదే పరిస్థితి. ఒప్పందం మొదటి పేజీలో ‘కార్మికుడు’ అంటే ఎవరో నిర్వచించే వాక్యం దగ్గరే వాళ్లు లోపలుంటారో, బయటుంటారో తేలిపోతుంది.

గడువు సంగతి చెప్పి ముగిస్తాను. మూడేళ్లు అయిపోయిన మర్నాడు ఒప్పందం దానంతటది రద్దు కాదు. ముగించదలచామని ఒక పక్షం రాతపూర్వకంగా నోటీసిచ్చి, ఆ తర్వాత అరవై రోజులు గడిచేదాకా పాత షరతులే నడుస్తాయి. నోటీసివ్వడం మరిచిపోయిన యూనియన్ పాత జీతాలతోనే, పాత పనిభారంతోనే కొనసాగుతుంది. కొత్త పెంపు ఏ తేదీ నుంచి అన్న బేరం మొదలయ్యేసరికి, మీరు నోటీసిచ్చిందెప్పుడని యాజమాన్యం అడుగుతుంది. ఆ నోటీసు కాపీ మీద అందినట్లు ముద్ర, తేదీ వేయించుకుని యూనియన్ ఆఫీసు ఫైల్లో పెట్టుకోండి.