ట్రేలో మొలకల లెక్క, చేనులో మొక్కల లెక్క

కన్నడం వాళ్లు కడలేకాయి అన్నా, తమిళం వాళ్లు వేర్కడలై అన్నా, ఒడియా వాళ్లు చినాబాదాం అన్నా, మన ఇళ్లలో మాత్రం అవి వేరుశనక్కాయలే, చెనిక్కాయలే. పావగడ, చళ్ళకెరె, బళ్ళారి పక్కనా, ఇటు కృష్ణగిరి పక్కనా మెట్ట చేలలో తొలకరికి వేసే పంట ఇది. చాలామంది గత పంట నుంచి నిలవ చేసుకున్న కాయనే ఒలిచి విత్తుతారు. ఆ విత్తనం ఎంత మొలుస్తుందో విత్తకముందే తెలుసుకుని, దాన్నిబట్టి ఎకరానికి ఎన్ని గింజలు వేయాలో లెక్క కట్టడం గురించి ఈనాడు చెప్పుకుందాం. ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

విత్తడానికి కనీసం పదిహేను రోజుల ముందు ఈ పరీక్ష మొదలుపెట్టాలి. మొలకకు పది రోజులు పడుతుంది, విత్తనం మార్చవలసి వస్తే వెతుక్కోవడానికి మిగిలిన రోజులు కావాలి. నిలవ చేసిన ప్రతి మూటలోనూ పైన, మధ్యన, అడుగున చేయిపెట్టి గుప్పెడేసి కాయలు తీయండి. వాటిని ఒలిచి, విత్తేటప్పుడు ఎలా ఏరుతారో అలాగే ముడుతలు పడినవి, చితికినవి తీసివేయండి. మిగిలిన వాటిలో నుంచి మాత్రం ఏరవద్దు. చేతికి వచ్చినది వచ్చినట్టుగా 200 గింజలు లెక్కపెట్టండి. బాగా నిండుగా ఉన్నవే ఏరితే ట్రేలో మొలక గొప్పగా కనిపిస్తుంది, చేను మాత్రం పలచబడుతుంది.

అంచులున్న ప్లాస్టిక్ ట్రేలు నాలుగు తీసుకోండి. అడుగున నీరు దిగడానికి చిన్న బెజ్జాలు ఉండాలి. కడిగి ఆరబెట్టిన ఇసుకను తడిపి పోయండి. గుప్పిట్లో పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల సందున నీరు కారకూడదు. ఒక్కొక్క ట్రేలో వరుసకు పది చొప్పున అయిదు వరుసలు, మొత్తం 50 గింజలు పెట్టి, పైన రెండు సెంటీమీటర్ల మందాన ఇసుక కప్పండి. వరుసకూ వరుసకూ మధ్య ఒక దారం అడ్డంగా కట్టండి. ఈ దారాల ఉపయోగం ఫోటో తీసేటప్పుడు తెలుస్తుంది. ట్రేలు ఇంట్లో నీడపట్టున ఉంచాలి. ఎండ వేడికి ఇసుక కాగితే మంచి గింజ కూడా చెడిపోతుంది.

ఇక ఫోటో సంగతి. సెల్‌ఫోను ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. ఆరవ రోజున ఒకసారి, పదవ రోజున ఒకసారి ప్రతి ట్రేకూ ఫోటో తీయండి. ఫోను ట్రేకు సరిగ్గా పైన, నడిమధ్య ఉండాలి. పక్కనుంచి తీస్తే ముందు వరుస ఆకులు వెనక వరుసను కప్పేస్తాయి. ఎండలో తీస్తే నీడలు పడి ఒక మొక్క రెండుగా కనిపిస్తుంది, కాబట్టి వెలుతురున్న నీడలో తీయండి. ట్రే పక్కన ఒక చీటీ మీద ట్రే నంబరు, మూట నంబరు, తేదీ రాసిపెట్టి అది కూడా ఫోటోలో పడేటట్టు చూడండి.

ట్రే దగ్గర కూర్చుని వేలితో లెక్కపెట్టవచ్చు కదా, ఫోటో దేనికి అని మీరు అడగవచ్చు. రెండు లాభాలున్నాయి. ఫోటోలో దారాలను ఆసరా చేసుకుని వరుస తర్వాత వరుస లెక్కపెట్టి, లెక్కించిన ప్రతి మొలక మీదా ఫోనులోనే ఒక ఎర్ర చుక్క పెట్టుకుంటే, ఒకటి రెండుసార్లు లెక్కకు రావడం గానీ, వదిలిపోవడం గానీ జరగదు. రెండవది, ఆరవ రోజు ఫోటోను పదవ రోజు ఫోటో పక్కన పెట్టి చూడవచ్చు. ఆరవ రోజున పైకి వచ్చి, పదవ రోజుకు కనిపించకుండా పోయిన మొలక ఉంటే, అది మొలవని గింజ కాదు. మొలిచి, మొదలు కుళ్ళి పడిపోయిన మొక్క. ఒక్క చివరి ఫోటోనే చూసినవారికి ఈ తేడా తెలియదు.

అయితే ఫోటోకు ఒక హద్దు ఉంది. అది ఇసుక పైన ఉన్నదే చూపిస్తుంది, కింద ఉన్నది చూపించదు. పచ్చగా కనిపించిన మొలకకు వేరు మొండిగా ఉండవచ్చు, చిగురు విరిగిపోయి ఒట్టి పప్పు బద్దలే పైకి వచ్చి ఉండవచ్చు. యంత్రంతో ఒలిచిన గింజల్లో ఇలాంటి దెబ్బ ఎక్కువ. అవి చేనులో నిలిచే మొక్కలు కావు. కాబట్టి పదవ రోజు ఫోటో తీశాక ట్రే బోర్లించి, ఇసుక దులిపి, ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూడాలి. వేరు, కాండం, చిగురు మూడూ సరిగా ఉన్నదే మంచి మొలక. మొలక శాతం లెక్కకు ఇవే వస్తాయి.

ఒక ఉదాహరణ చెబుతాను, రాసుకోండి. నాలుగు ట్రేలలో పదవ రోజు ఫోటోలో కనిపించినవి వరుసగా 43, 40, 42, 39. మొత్తం 164. ఇది 200కు 164, అంటే నూటికి 82. పెరికి చూస్తే ప్రతి ట్రేలోనూ రెండేసి మొండి మొలకలు తేలాయి. అవి తీసివేస్తే 41, 38, 40, 37. మొత్తం 156. దీన్ని 200తో భాగించి 100తో గుణిస్తే 78 వస్తుంది. ఆ విత్తనం మొలక శాతం 78 గానీ 82 కాదు.

మిగిలిన 36 గింజల సంగతి కూడా చూడాలి. ఆరవ రోజు ఫోటోలో ఉండి పదవ రోజుకు పడిపోయినవి మూడు. ఇసుకలోనే కుళ్ళినవి 27. నొక్కితే గట్టిగా ఉండి, పగలకుండా ఉన్నవి ఆరు. కుళ్ళినవి ఎక్కువగా ఉంటే, మరి 50 గింజలకు విత్తన శుద్ధి చేసి మళ్లీ ఒక ట్రే పెట్టి చూడండి. మొలక పెరిగితే అది బూజు తెచ్చిన నష్టం. పెరగకపోతే గింజలోనే జీవం తగ్గింది. గట్టిగా మిగిలినవి ఎక్కువగా ఉంటే అది నిద్రావస్థ కావచ్చు. తీగలు పాకే రకాలు కోసిన కొత్తలో కొన్నాళ్లు మొలవవు. గుత్తి రకాలలో ఇది తక్కువ. అలాంటి విత్తనాన్ని కొన్నాళ్లాగి మళ్లీ పరీక్షించాలి గానీ పారవేయకూడదు.

నాలుగు ట్రేల లెక్కలు దగ్గర దగ్గరగా ఉన్నాయో లేదో చూడండి. 41, 38, 40, 37 అంటే నమ్మదగినవి. మూడు ట్రేలు 40 దగ్గర ఉండి ఒకటి 22 ఉంటే, ఆ ట్రేలో నీరు ఎక్కువైందనో, ఆ మూట గింజ చెడిందనో అర్థం. అలాంటప్పుడు సగటు కట్టకుండా మళ్లీ చేయాలి. 200 గింజల పరీక్షలో 78 వచ్చిందంటే, నిజం 72కూ 84కూ మధ్య ఉంటుందని అనుకోవాలి. 50 గింజలతోనే చూస్తే ఈ తేడా రెట్టింపు అవుతుంది. అందుకే ఒక్క ట్రేతో సరిపెట్టవద్దని చెప్పడం.

ఇప్పుడు విత్తన మోతాదు. వరుసల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉండాలనుకుందాం. ఎకరం 4,047 చదరపు మీటర్లు. ఆ లెక్కన ఎకరానికి దాదాపు 1,35,000 మొక్కలు నిలవాలి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నూటికి 78 మొలుస్తున్నాయి, 22 తగ్గాయి, కాబట్టి 22 శాతం గింజలు ఎక్కువ వేస్తే సరి అనుకుంటారు. అలా వేస్తే గింజలు 1,64,700. అందులో నూటికి 78 మొలిస్తే వచ్చేవి సుమారు 1,28,500 మొక్కలు. ఇంకా 6,500 తక్కువే. సరైన దారి బడిలో నేర్చుకున్న త్రైరాశికం. 78 మొక్కలకు 100 గింజలు కావాలి, 1,35,000 మొక్కలకు ఎన్ని కావాలి? 1,35,000ను 100తో గుణించి 78తో భాగించాలి. వచ్చేది సుమారు 1,73,100.

లెక్క ఇంకా పూర్తి కాలేదు. ట్రేలో మొలిచినదల్లా చేనులో నిలవదు. విత్తాక వాన పడి నేల పైపెచ్చు కట్టవచ్చు, గింజ లోతుగా పడవచ్చు, కాకులూ చీమలూ తినవచ్చు. మంచి మొలకలు నూటికి 90 చేనులో నిలుస్తాయని పెట్టుకుందాం. అప్పుడు 1,73,100ను మళ్లీ 100తో గుణించి 90తో భాగిస్తే 1,92,300 గింజలు.

గింజలను కిలోల్లోకి మార్చాలి. మీ విత్తనంలోనే 100 గింజలు తూచండి. 35 గ్రాములు ఉన్నాయనుకుంటే, 1,92,300 గింజల బరువు 67 కిలోలు దాటుతుంది. మొలక చూడకుండా మొక్కకొక గింజ అనుకుని వేసి ఉంటే 47 కిలోలే పడేది, చేనులో ఖాళీలు మిగిలేవి. నూరు కిలోల కాయ ఒలిస్తే ఏరిన విత్తనం 65 కిలోలు వస్తుందనుకుంటే, ఎకరానికి సుమారు 104 కిలోల కాయ పక్కన పెట్టుకోవాలి.

మొలక శాతం ఎంత తక్కువైనా గింజలు పెంచి సర్దుకోవచ్చునా అంటే, కూడదు. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి మన దేశంలో పెట్టిన కనీస మొలక శాతం 70. అంతకంటే తక్కువైన విత్తనంలో మొలిచినవి కూడా బలహీనంగా ఉంటాయి. గింజ పెంచితే ఒకచోట ఒత్తుగా, ఒకచోట బోడిగా వస్తుంది తప్ప చేను సమంగా రాదు. ఆ కాయను నూనెకు పంపి, వేరే విత్తనం తెచ్చుకోవడమే మేలు. తెచ్చినదాన్ని కూడా ఇదే విధంగా ట్రేలో పెట్టి చూడండి.

చివరిగా చేనులో సరిచూసుకునే పద్ధతి. 30 సెంటీమీటర్ల వరుసల్లో 1,92,300 గింజలంటే పది మీటర్ల సాలుకు సుమారు 142 గింజలు, మీటరుకు 14. గొర్రు వెంట విత్తేవారి చేతిని ఇలా ఒక సాలులో లెక్క చూసుకోవచ్చు. విత్తిన పదిహేనవ రోజున చేనులో అయిదు చోట్ల పదేసి మీటర్లు కొలిచి మొక్కలు లెక్కపెట్టండి. సగటున 100 ఉంటే మన లెక్క కుదిరింది. 88 ఉంటే, 142 గింజల్లో మొలవగల 111లో 88 నిలిచాయన్నమాట, అంటే నూటికి 79. వచ్చే ఏడు మీ చేనుకు 90 బదులు ఆ 79నే వేసుకుని లెక్క కట్టండి. ఎవరి చేను అంకె వారిది, పక్కవారి అంకె పనికిరాదు.