సరిహద్దు దాటే చిక్కీ పెట్టె

కదిరిలో ఇంటి దగ్గర శెనక్కాయ చిక్కీ చేసి అమ్మే అక్కలారా, ఎంత చిన్న వ్యాపారమైనా తినే సరుకుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు ఉండాల్సిందే. జీఎస్టీ అలా కాదు. సరుకులే అమ్మేవాళ్లకు మన రాష్ట్రంలో ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేదాకా అక్కర్లేదు.

ఈ వెసులుబాటు సరిహద్దు దాటితే చెల్లదు. ఏడాదికి 6 లక్షల చిక్కీ అమ్మే ఆమె కర్ణాటకలోని బాగేపల్లి దుకాణానికి ఒక్క పెట్టె అమ్మి పంపాలన్నా ముందే జీఎస్టీలో నమోదు కావాలి. కాంపోజిషన్ పద్ధతి ఆమెకు కుదరదు, అందులో ఉంటే బయటి రాష్ట్రానికి అమ్మకూడదు.

నమోదయ్యాక అమ్మకం లేకున్నా సున్నా రిటర్ను వేయాలి. చాలామంది నష్టపోయేది ఇక్కడే, మరిచిన ప్రతి రోజుకూ 20 రూపాయల ఆలస్య రుసుం పడుతుంది. శెనక్కాయలు, బెల్లం కొన్న బిల్లులూ అమ్మిన బిల్లులూ నెలవారీగా విడదీసి, ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు నుంచి ఆరేళ్లు దాచండి.