జవాబు తెలుసు, కానీ అది B నా, C నా?

మొన్న గుర్రంకొండ నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో మోడల్ పేపర్ పేజీ ఫోటో పంపాడు. "అన్నా, జవాబు నాకు తెలుసు. అది B నా, C నా అనేదే తెలియట్లేదు" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఫోటో చూస్తే వాడన్నది నిజమే.

ప్రశ్న మన పక్కూరి గురించే. రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన సంవత్సరం ఏది? ఫోటోలో ఎడమ అంచు తెగిపోయింది, మిగతాదంతా మసక. మిగిలింది ఇదీ, స్క్రీన్ మీద చూడండి.

```
 ) 1911      ?) 1947
 ) 1919      D) 1950
```

జవాబు 1919. ఆ ఏడాది ఆయన బీసెంట్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు జరిగింది. 1911 కలకత్తా కాంగ్రెస్ సభలో ఆ పాట మొదట పాడిన ఏడాది, 1950 జాతీయగీతంగా తీసుకున్న ఏడాది. అక్కడ గొడవ లేదు, గొడవంతా అక్షరంతోనే.

ఇలా రెండేసి ఆప్షన్లు పక్కపక్కన వేసినప్పుడు, కొందరు అడ్డంగా అక్షరాలు ఇస్తారు: పైన A, B, కింద C, D. అప్పుడు 1919 ఆప్షన్ C అవుతుంది. కొందరు నిలువుగా ఇస్తారు: ఎడమవైపు A, కింద B. అప్పుడు 1919 ఆప్షన్ B. కుడి మూల D రెండు పద్ధతుల్లోనూ D నే, కాబట్టి అది బాగా కనిపించినా లాభం లేదు. తేల్చాల్సింది 1947 పక్కనున్న ఆ మసక అక్షరమే. అది B అయితే అడ్డం, C అయితే నిలువు.

తమ్ముడు దాన్ని బాగా జూమ్ చేశాడంట. జూమ్ చేస్తే మసకే పెద్దదవుతుంది, లేని గీత కొత్తగా రాదు కదా! ఫోన్ కాస్త దూరం పెట్టి అక్షరం కుడివైపు చూడండి. C అయితే అక్కడ తెరుచుకుని ఉంటుంది, B అయితే మూసుకుని ఉంటుంది. ఇక్కడ మూసుకున్నట్టే అనిపించింది.

అయినా నేను అంతటితో నమ్మలేదు. అదే పేజీ కుడి సగంలో అక్షరాలు తెగలేదు. అక్కడ ఇలాగే రెండేసి ఆప్షన్లున్న ప్రశ్న ఒకటి దొరికింది, అందులో అక్షరాలు అడ్డంగానే ఉన్నాయి. ఆప్షన్లు ఒకదాని కింద ఒకటి ఉన్న ప్రశ్నలు దీనికి పనికిరావు, చూసుకోండి.

తమ్ముడు మాత్రం "సంవత్సరాలు చిన్నదాని నుంచి పెద్దదానికి పేరుస్తారు కదన్నా, అంటే నిలువే, B యే" అన్నాడు. మంచి ఊహే, కానీ పేపర్ చేసేవాళ్లు అలాగే పేర్చాలని రూలేం లేదు. కనిపించే అక్షరం ముందు ఊహ నిలబడదు.

కుడి అంచు తెగితే ఇంకా ప్రమాదం. తెలుగులో 'సరైనది', 'సరికానిది' అనే మాట వాక్యం చివర్లో వస్తుంది. అది తెగిందంటే ప్రశ్నే తలకిందులవుతుంది. అలాంటి ఫోటోకి నేను జవాబు చెప్పను, మళ్లీ తీసి పంపమంటాను.

తమ్ముడు కూడా పేపరున్న ఫ్రెండ్‌తో పేజీ మొత్తం మళ్లీ తీయించి, క్వాలిటీ తగ్గకుండా డాక్యుమెంట్‌గా తెప్పించాడు. 1919 పక్కన C ఉంది.