గ్రీన్‌లాండ్ అంత పెద్దదా?

ఫోన్లో మనం చూసే చాలా ప్రపంచపటాల్లో గ్రీన్‌లాండ్ ఆఫ్రికాకి దీటుగా కనబడుతుంది. లెక్కకొస్తే అది 22 లక్షల చదరపు కిలోమీటర్లకి లోపే, ఆఫ్రికా 3 కోట్లు పైనే. పద్నాలుగో వంతు! మన దేశం కన్నా కూడా చిన్నదే.

ఎందుకిట్లా? భూమి గుండ్రం. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు పోయేకొద్దీ అక్షాంశ వలయాలు చిన్నవైపోతాయి. 60 డిగ్రీల దగ్గర పొడవు సగమే. 1569లో మెర్కేటర్ వేసిన పద్ధతిలో అన్ని వలయాలూ ఒకే పొడవు. అంటే అక్కడి నేలను అడ్డంగా రెండింతలు సాగదీసినట్టే. ఆకారం చెడకుండా నిలువునా అంతే సాగదీస్తారు. వైశాల్యం నాలుగింతలైపోయింది! గ్రీన్‌లాండ్ నడుమ, 72 డిగ్రీల దగ్గర, పదింతలు దాటుతుంది.

ఓడ నడిపేవాడికి కావాల్సింది దిక్కు. వీధి వెతుక్కునే మనకీ మలుపులు సరిగ్గా ఉంటే చాలు, అందుకు ఇది వాడొచ్చు. కాని ఏ దేశంలో అడవి ఎంతని రంగులేసి పోల్చడానికి పనికిరాదు. రష్యా, కెనడాల రంగే కళ్లకు కమ్ముకుంటుంది, కాంగో చిక్కిపోతుంది. అట్లాంటప్పుడు మోల్వైడ్, ఈక్వల్ ఎర్త్ లాంటి సమవైశాల్య పటాలే అడుగుదాం. వాటిలో అంచుల దగ్గర ఆకారాలు వంకరపోతాయి, పోనీయండి.